తగ్గిన సెలవు, తగ్గని ఏర్పాట్లు

ప్రభుత్వోద్యోగులకు వర్తించే ఫండమెంటల్ రూల్సులో 72వ నిబంధనను మొదటిసారి చదివినవారికి అది కాస్త విడ్డూరంగా తోస్తుంది. మంజూరైన సెలవు తీరకముందే తిరిగి డ్యూటీలో చేరాలంటే, ఆ సెలవు మంజూరు చేసిన అధికారి అనుమతి ఉండాలంటుంది అది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కోసం 1972లో చేసిన సెలవు నిబంధనల్లో 24వది కూడా ఇదే మాట అంటుంది. పనికి రానంటే అనుమతి కావాలి, సరే. పనికి వస్తానంటే కూడా అనుమతి ఎందుకు? వద్దన్నా పని చేస్తానని వచ్చే ఉద్యోగి దొరకడమే అపురూపమైన చోట, అతణ్ని గుమ్మం దగ్గర ఆపి కాగితం అడగడమేమిటి? ఇదంతా సర్కారు దఫ్తరానికి పుట్టుకతో వచ్చిన కాగితాల పిచ్చి అని నవ్వి ఊరుకోవచ్చు. అయితే ఆ నిబంధన వెనక ఒక తెలివైన ఆలోచన ఉంది. సెలవులన్నీ ఫోనులో ఒక నొక్కుతో పెట్టి, ఇంకో నొక్కుతో తీసేసే ఈ రోజుల్లో మనం మరిచిపోతున్నది ఆ ఆలోచననే.

దాన్ని పట్టుకోవాలంటే నాలుగు నిబంధనలు వెనక్కి, 68వ దానికి వెళ్లాలి. సెలవు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో అక్కడ ఉంది. మామూలుగా బాధ్యతలు అప్పగించిన రోజున సెలవు మొదలవుతుంది, తిరిగి బాధ్యతలు తీసుకున్న రోజుకు ముందురోజుతో ముగుస్తుంది. మనిషి ఇంట్లో ఉన్నాడా, ఊరెళ్లాడా, రైలు తప్పిపోయి స్టేషన్లో కూర్చున్నాడా అన్నది ఈ లెక్కలోకి రాదు. చార్జి ఎవరి చేతిలో ఉందన్నదే లెక్క. ఒకరు సెలవులో ఉన్నారంటే వారి కుర్చీ ఖాళీగా ఉందని అర్థం కాదు, అందులో ఇంకొకరు కూర్చున్నారని అర్థం. కుర్చీ హక్కుదారు చెప్పాపెట్టకుండా వచ్చేస్తే ఒకే ఫైలు మీద సంతకం పెట్టగలిగినవారు ఇద్దరవుతారు. లేదా ఇద్దరూ ఎదుటివారు పెడతారనుకుంటారు, సంతకం పెట్టేవారే ఉండరు. 72వ నిబంధన అడ్డుకుంటున్నది పని చేయాలన్న ఉత్సాహాన్ని కాదు, ఈ రెండు ప్రమాదాలను.

కాబట్టి ఈ విషయంలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. సెలవు రద్దు చేసుకున్నా, కుదించుకున్నా మన లెక్క మాత్రమే వెనక్కి వస్తుంది, ఏర్పాట్లు వాటంతట అవి రావు. సెలవు ఖాతాలో రోజులు తిరిగి జమకావడం ఒక్క క్షణం పని. ఆ సెలవును నమ్ముకుని ఇతరులు వాయిదా వేసుకున్న పనులు, మార్చుకున్న వంతులు, మానుకున్న ప్రయాణాలు ఎవరివి వారి చేతుల్లో ఉంటాయి. వాటిలో దేన్ని తిప్పాలో, దేన్ని అలాగే ఉంచాలో విడివిడిగా నిర్ణయించాలి. జట్టులో గందరగోళం పుట్టేది సెలవు రద్దయినందుకు కాదు. అది రద్దయింది గనుక మిగతావన్నీ రద్దయినట్టేనని ఒకరు, ఏదీ రద్దు కానట్టేనని ఇంకొకరు అనుకున్నందుకు.

సరిగ్గా సెలవు గురించి కాకపోయినా, మాట ఇచ్చి వెనక్కి తీసుకోవడం గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు ఈ తేడాను బాగా చూపిస్తాయి. మొదటిది 1978 నాటి గోపాలచంద్ర మిశ్రా కేసు. అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు 1977 మే నెలలో రాజీనామా లేఖ రాస్తూ అది ఆగస్టు 1 నుంచి అమల్లోకి వస్తుందని పేర్కొన్నారు. జూలైలోనే మనసు మార్చుకుని దాన్ని ఉపసంహరించుకున్నారు. ముందు తేదీ పెట్టి ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ రాకముందు వెనక్కి తీసుకోవచ్చని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. రెండోది 1987 నాటి బలరాం గుప్తా కేసు. స్వచ్ఛంద పదవీ విరమణకు నోటీసు ఇచ్చి, గడువు తీరకముందే వద్దనుకున్న ఒక కేంద్ర ప్రభుత్వోద్యోగిది అది. అతనికి అనుకూలంగానే తీర్పు వచ్చింది. అయితే కోర్టు మధ్యలో అన్న ఒక మాట మనకు తీర్పుకన్నా విలువైనది. అతని నోటీసును నమ్మి ఆఫీసు ఆ స్థానానికి ఇంకొకరిని ఏర్పాటు చేసి ఉంటే సంగతి వేరేగా ఉండేదనీ, ఇక్కడ ఏ ఏర్పాటూ దెబ్బతినలేదనీ ఆ మాట సారాంశం. తేదీ రాకముందు మనసు మార్చుకోవచ్చన్నది మొదటి సూత్రం. ఈలోపు ఎవరైనా మన మాట మీద ఆధారపడ్డారా అన్నది రెండో ప్రశ్న. ఉద్యోగం వదులుకునేంత పెద్ద విషయానికే ఈ రెండో ప్రశ్న వర్తిస్తే, పది రోజుల సెలవుకు ఎందుకు వర్తించదు?

ఆ ప్రశ్న వేసుకుంటే సెలవు మార్పు మూడు దశలుగా విడిపోతుంది. అర్జీ ఇంకా మంజూరు కాకముందు మానుకుంటే చిక్కేమీ లేదు. అర్జీ వెనక్కి తీసుకుంటే చాలు, పై అధికారికి ఒక మాట చెబితే మర్యాద. మంజూరై ఇంకా మొదలుకానిది రెండో దశ. అప్పటికి వంతులు పంచుకుని ఉంటారు గానీ ఇంకా ఎవరూ చార్జి తీసుకోలేదు, కాబట్టి తిప్పగలిగినవే ఎక్కువ. సెలవు సగంలో ఉండగా కుదించుకోవడం మూడో దశ. అసలు చిక్కంతా ఇక్కడే, ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేదీ దీన్నే. తొందరగా వస్తున్నాను కదా, ఎవరికి నష్టం అనుకుంటారు.

ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాదులో బిల్లింగ్ సాఫ్ట్‌వేరు నడిపే నలుగురి జట్టు ఉందనుకుందాం. అందులో ఒకామె 2026 ఫిబ్రవరి 9 సోమవారం నుంచి 20 శుక్రవారం దాకా సెలవు పెట్టింది. మొదటి వారం ఊళ్లో శుభకార్యం, రెండో వారం కుటుంబంతో యాత్ర. 11వ తేదీ సాయంత్రానికి యాత్ర రద్దయింది. ఇంట్లో ఖాళీగా కూర్చుని సెలవులు కరిగించుకోవడం దేనికని 16 సోమవారం నుంచే పనిలో చేరదామనుకుంది. సెలవు యాప్‌లో చూస్తే మారేది ఒక్క తేదీ. జట్టులో చూస్తే ఆ సెలవు చుట్టూ అల్లుకున్న ఏర్పాట్లు అయిదున్నాయి. 14, 15 తేదీల వారాంతంలో సర్వరు మొరాయిస్తే ఫోనెత్తే ఆన్‌కాల్ వంతు ఆమెది. 15 ఆదివారం మహాశివరాత్రి. ఆ వంతును ఒక సహోద్యోగి తీసుకున్నాడు, బదులుగా మార్చి 19 ఉగాది నాటి అతని వంతును ఆమె ఒప్పుకుంది. 16న ఖాతాదారుతో జరగాల్సిన నెలవారీ సమావేశాన్ని 23కు జరిపారు. 18 రాత్రి కొత్త వెర్షన్ విడుదల బాధ్యతను రెండో సహోద్యోగి తీసుకున్నాడు. రీఫండ్లు ఆమోదించే అధికారాన్ని కూడా 20వ తేదీ దాకా అతనికే అప్పగించారు. అయిదోది ఎక్కడా రాసి లేదు. మూడో సహోద్యోగి 17, 18 తేదీల్లో రెండు రోజులు సెలవు పెట్టుకుందామనుకుని, ఈమె ఉండదని తెలిసి అడగకుండానే మానుకుంది.

ఇప్పుడు వీటిని ఒక్కొక్కటిగా చూడాలి. శివరాత్రి వంతును తిప్పకూడదు. 15న ఆమె హైదరాబాదులో ఉన్నా సరే, జాగారం మానుకునో, ఊరి ప్రయాణం మానుకునో సహోద్యోగి ఆ వారాంతాన్ని ఇప్పటికే అలా అమర్చుకున్నాడు. అతనే కోరితే తప్ప అది అతనిదే, కాబట్టి ఉగాది బాకీ కూడా ఆమె మీద ఉన్నట్టే. సెలవు తగ్గింది గనుక బాకీ కూడా తీరిపోయిందనుకోవడం ఇక్కడ సహజంగా జరిగే పొరపాటు. మార్చి 18 రాత్రి గానీ అది బయటపడదు. ఖాతాదారు సమావేశాన్ని కూడా కదపకూడదు. బయటివారిని ఒకసారి జరిపి మళ్లీ పాత తేదీకి లాగితే జట్టు పరువు పోతుంది. విడుదల పని గురించి ఆలోచించాలి. రెండో సహోద్యోగి వారం రోజులుగా దాని జాబితా తయారు చేసుకుంటూ ఉంటే 16న దాన్ని తిరిగి లాక్కోవడం రెండు విధాల చెడ్డది. అతని శ్రమ వృథా, ఆమెకు ఆ వారం జరిగిన మార్పులు తెలియవు. ఆ రాత్రి ఆమె పక్కన తోడుంటే చాలు. రీఫండ్ ఆమోదం సంగతి వేరు, దాన్ని తప్పకుండా తిప్పాలి, తిప్పే క్షణం కూడా చెప్పాలి. 20 దాకా అతని చేతిలో అధికారం అలాగే ఉండి ఆమె కూడా 16న పని మొదలుపెడితే, ఒకే ఫిర్యాదుకు రెండుసార్లు డబ్బు వెళ్లవచ్చు. లేదా ఆమె వచ్చిందిగా అని అతను, అధికారం అతనికిచ్చారుగా అని ఆమె వదిలేస్తే ఫిర్యాదు అలాగే పడి ఉంటుంది. 16 ఉదయం 9 గంటల నుంచి కొత్తవి ఆమెవి, అంతకుముందు అతను తెరిచినవి అతనే ముగిస్తాడు అని గీత గీస్తే ఈ రెండూ జరగవు. ఇక మానుకున్న సెలవు. అది ఎవరి పట్టికలోనూ లేదు కాబట్టి అడిగితే తప్ప బయటికి రాదు. ఈ కుదింపు వల్ల ఎవరికైనా నిజంగా లాభం ఉంటే అది ఆ మూడో సహోద్యోగికే. కానీ ఆ మాట ఆమెకు 16 ఉదయం తెలిస్తే 17కు టికెట్లు దొరకవు. 12వ తేదీ ఉదయానికే తెలియాలి.

అయిదు ఏర్పాట్లలో పూర్తిగా తిరగాల్సింది ఒక్కటే. మూడు ఉన్నచోటే ఉంటాయి, ఒకటి కొత్త అవకాశమవుతుంది. ఈ నిష్పత్తి ప్రతిచోటా ఇలాగే ఉంటుందని కాదు. మొదలైపోయిన సెలవును కుదించినప్పుడు మాత్రం తిప్పనివే ఎక్కువగా ఉండాలని నా అభిప్రాయం. అందుకే ఇలాంటి సందర్భంలో రాసే కబురులో ఏమి మారిందో చెప్పడం కన్నా ఏమి మారలేదో చెప్పడం ముఖ్యం. "ఈ నెల 9 నుంచి 20 దాకా పెట్టిన సెలవును 13తో ముగిస్తున్నాను. 16 సోమవారం ఉదయం 9 గంటలకు వస్తాను. అప్పటి నుంచి వచ్చే రీఫండ్లు నేను చూస్తాను, తెరిచి ఉన్నవి ఇప్పుడు చూస్తున్నవారే ముగిస్తారు. శివరాత్రి వంతు, ఉగాది వంతు, 18 నాటి విడుదల, 23 నాటి సమావేశం మారలేదు. 17, 18 తేదీల్లో ఎవరికైనా సెలవు కావాలంటే ఈ రోజే చెప్పండి." ఇంతే చాలు. యాత్ర ఎందుకు రద్దయిందో ఇందులో అక్కర్లేదు. చాలామంది కబురులో మూడు వంతులు కారణమే ఉంటుంది, తేదీ ఎక్కడో చివర ఉంటుంది. చదివినవారు అయ్యో పాపం అంటారు గానీ సోమవారం ఎవరేం చేయాలో వారికి తెలియదు. పాత తేదీని కూడా రాయాలనేది అందుకే. "16న వస్తున్నాను" అని మాత్రమే రాస్తే, మొదటి కబురు గుర్తులేనివారు అది ముందే అనుకున్న తేదీ కాబోలు అనుకుంటారు.

ఎవరికి ముందు చెప్పాలన్నది కూడా తేలిక విషయం కాదు. మామూలుగా మేనేజరుకు చెప్పి, యాప్‌లో తేదీ మార్చి, ఆపైన గ్రూపులో పెడతారు. మన బదులు పని చూస్తున్నవారు గ్రూపులోనే తెలుసుకుంటారు. ఈ వరుస తలకిందులుగా ఉందంటాను. మంజూరు చేయాల్సింది మేనేజరే, అందులో సందేహం లేదు. కానీ ఏ ఏర్పాటు తిరుగుతుందో, ఏది తిరగదో తెలిసినవారు బదులు చూస్తున్నవారే. వారితో పది నిమిషాలు మాట్లాడి, తేలినదాన్ని మేనేజరు ముందు పెడితే ఆయన ఒకేసారి అవునో కాదో చెప్పగలడు. ముందే మేనేజరు సరేనంటే బదులు చూస్తున్నవారికి నోరు కట్టేసినట్టే. తన వారాంతం తనకే ఉండాలని అప్పుడు చెప్పడం పై నిర్ణయాన్ని ఎదిరించినట్టు కనిపిస్తుంది.

ఇక యంత్రాల సంగతి. సెలవుల యాప్‌లు చాలావాటిలో మంజూరు కాని అర్జీని మనమే తీసేయవచ్చు, మంజూరైనదాన్ని తీసేయడానికి మళ్లీ ఆమోదం కావాలి. మొదలైన సెలవులో సగాన్ని మాత్రం కోసేసే వీలు కొన్నిట్లో ఉండదు. మొత్తం రద్దు చేసి, వాడుకున్న రోజులకు కొత్తగా అర్జీ పెట్టాలి. ఈ రెండు పనుల మధ్య జరిగిపోయిన రోజులు రికార్డులో సెలవూ కావు, హాజరూ కావు. ఆ సందులో నెల జీతాల లెక్క మూసేస్తే అవి జీతం లేని గైర్హాజరుగా పడతాయి. తప్పు మరుసటి నెల సవరిస్తారు, కానీ ఈ నెల వాయిదాలు కట్టాల్సింది ఈ నెలలోనే. కాబట్టి కొత్త అర్జీ పెట్టే వీలుందో లేదో చూసుకున్నాకే పాతదాన్ని రద్దు చేయాలి, రెండూ ఒకే రోజు ఆమోదం పొందేలా చూసుకోవాలి. క్యాలెండరుది ఇంకో రకం చిక్కు. సెలవులో ఉన్నట్టు పెట్టుకున్న గుర్తు వచ్చిన ఆహ్వానాలను తనంతట తానే తిరస్కరించేలా చేసి ఉంటే, ఆ గుర్తును తీసేసినంత మాత్రాన తిరస్కరించినవి అంగీకారాలుగా మారవు. 16 నుంచి 20 దాకా ఉన్న ఆహ్వానాలను ఒక్కొక్కటిగా తెరిచి మళ్లీ ఒప్పుకోవాలి. ఈమెయిలు ఆటో రిప్లై 20 దాకా నడుస్తూనే ఉంటుంది. ఎదురుగా కూర్చుని పని చేస్తున్న మనిషి నుంచి ఊళ్లో లేనని జవాబు వస్తే, బయటివాళ్లు నమ్మేది జవాబునే.

రోజుల లెక్క కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. పై ఉదాహరణలో కంపెనీ పనిదినాలు మాత్రమే లెక్కగడితే పది రోజుల సెలవు అయిదుకు తగ్గుతుంది, అయిదు జమవుతాయి. అవే తేదీల్లో రాష్ట్ర ప్రభుత్వోద్యోగి ఈఎల్ పెట్టి ఉంటే మధ్యలో వచ్చిన సెలవురోజులూ కలిసి పన్నెండు రోజులు ఖర్చు రాస్తారు. 13తో ముగించి 16న చేరితే 14 రెండో శనివారం, 15 ఆదివారం. ఈ రెండూ ఇప్పుడు సెలవు మధ్యలో లేవు, తోకకు వచ్చాయి. వాటిని సెలవు వెనక కలుపుకునే అనుమతి తీసుకుంటే ఖర్చయ్యేది అయిదు రోజులే, జమయ్యేవి ఏడు. ఆ అనుమతి మాట సవరణ అర్జీలోనే రాయకపోతే ఆ రెండు రోజులు ఎటు రాయాలో తెలియక సర్వీసు రిజిస్టరులో కొర్రీ పడుతుంది. సీఎల్ అయితే ఈ గొడవ చాలావరకు ఉండదు. నిబంధనల దృష్టిలో అది డ్యూటీ కిందే లెక్క, చార్జి అప్పగింత దాకా వెళ్లదు.

వంతుల మీద నడిచే పనిచోట్ల ఈ విషయం ఇంకా కటువుగా ఉంటుంది. ఆసుపత్రి వార్డులో నర్సు సెలవు పెడితే ఆమె రాత్రి డ్యూటీలు ఇంకొకరికి వెళతాయి, ఆ రాత్రుల తర్వాత రావలసిన విశ్రాంతి రోజులు కూడా వాటి వెంటే కదులుతాయి. మధ్యలో ఒక రాత్రిని తిరిగి తీసుకుంటే విశ్రాంతి రోజు ఎవరికి చెందాలో తేలదు, పట్టిక మొత్తం కదులుతుంది. అక్కడ కుదింపుకు సహజమైన హద్దు కొత్త పట్టిక మొదలయ్యే రోజే. బ్యాంకు శాఖలో దీనికి ఇంకో మంచి పోలిక ఉంది. స్ట్రాంగ్‌రూము తాళాలు ఇద్దరు అధికారుల ఉమ్మడి బాధ్యతలో ఉంటాయి. ఒకరు సెలవు పెడితే ఆ తాళం ఇంకొకరి చేతికి రిజిస్టరులో సంతకాలతో మారుతుంది. తాళం తీసుకున్న అధికారి దగ్గరికి సెలవు ముగించుకున్నానని వెళ్లి చెయ్యి చాపితే రాదు. మళ్లీ సంతకాలు కావాలి. రిజిస్టరు లేని ఆఫీసుల్లో కూడా ప్రతి బాధ్యతా ఇలాంటి తాళమే అనుకుంటే ఎవరికి ఏమి తిరిగి ఇవ్వాలో త్వరగా తేలుతుంది.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో ఒకటి నిజంగా బలమైనది. ఇంత తతంగం పెడితే మనుషులు సెలవు కుదించుకోవడమే మానేస్తారు. యాత్ర రద్దయినా నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటారు. లేదా ఇంతకన్నా చెడ్డగా, కాగితం మీద సెలవులో ఉంటూనే ఇంటి నుంచి పని చేస్తారు. ఈ రెండో అలవాటు మన ఐటీ జట్లలో ఎంత మామూలైపోయిందో చెప్పనక్కర్లేదు. సెలవూ పోతుంది, పనీ తప్పదు. పైగా ఆ మనిషి అందుబాటులో ఉన్నట్టో లేనట్టో ఎవరికీ తెలియదు. నేననేది తతంగాన్ని పెంచమని కాదు, దాన్ని సరైన చోటికి మార్చమని. కారణం గురించి ప్రశ్నలు పూర్తిగా తీసేయవచ్చు. ఎందుకు మానుకున్నావు, నిజంగా టికెట్లు రద్దయ్యాయా అన్న ఆరా వల్ల జట్టుకు చిల్లిగవ్వ ప్రయోజనం లేదు. కుదింపుకు సమాధానం దాదాపు ఎప్పుడూ సరేననే ఉండాలి. అడగాల్సింది ఒక్కటే: ఏ క్షణం నుంచి, దేనికి? ఆ జవాబు ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే అయింది, 16 బదులు 18న చేరమన్నా తప్పులేదు.

నలుగురున్న జట్టుకు ఇంత రాత అవసరమా, మాట చాలదా అన్నది మరో అభ్యంతరం. ఒక్క రోజు సీఎల్‌కు చాలు, అక్కడితో ఒప్పుకుంటాను. కానీ చిన్న జట్టులో గందరగోళం తక్కువ అన్నది పైకి కనిపించేంత నిజం కాదు. పెద్ద ఆఫీసులో బదులు చూసేవారికి ఒక ఉత్తర్వు ఉంటుంది, చిన్న జట్టులో ఏర్పాట్లన్నీ మనుషుల జ్ఞాపకాల్లో ఉంటాయి. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టినవారిలో ఎంతమంది ఆ కబురును చివరిదాకా చదివారో తెలుసుకునే మార్గం లేదు. వ్యవహారం చెడుతోందని చెప్పే ఆనవాలు ఒకటుంది. తిరిగి వచ్చిన మొదటి రెండు రోజుల్లో "ఇది నువ్వు చూస్తున్నావా, నన్ను చూడమంటావా?" అన్న ప్రశ్న రెండుసార్లకు మించి వినిపిస్తే, గీత ఎక్కడో సరిగ్గా పడలేదని అర్థం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఉద్యోగి తనంతట తాను సెలవు కుదించుకోవడం వేరు, ఆఫీసు వెనక్కి పిలవడం వేరు. కేంద్ర నిబంధనల్లో 7వది సెలవును హక్కుగా అడగలేమంటుంది. అవసరమైతే మంజూరు చేసిన అధికారి దాన్ని రద్దు చేయవచ్చంటుంది. అయితే ఉద్యోగి రాతపూర్వకంగా కోరితే తప్ప ఆ అధికారి సెలవు రకాన్ని మార్చలేడని కూడా అదే నిబంధన చెబుతుంది. తప్పనిసరిగా పిలిపిస్తే, బయలుదేరిన రోజు నుంచే డ్యూటీలో ఉన్నట్టు లెక్కగట్టి ప్రయాణ భత్యం ఇచ్చే ఏర్పాటు 23వ నిబంధనలో ఉంది. సొంతంగా వచ్చినవారికి అది వర్తించదు. కానీ ఆఫీసుల్లో జరిగేది చాలాసార్లు ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. పై అధికారి ఫోను చేసి, యాత్ర ఎలాగూ పోయింది కదా, సోమవారం రాకూడదూ అంటాడు. ఉద్యోగి సరేనని యాప్‌లో తానే రద్దు చేసుకుంటుంది. రికార్డులో అది ఆమె కోరిక అయిపోతుంది. పిలుపు అటువైపు నుంచి వచ్చినప్పుడు, కనీసం ఒక వాక్యంలోనైనా, ఎవరి కోరిక మీద తిరిగి వస్తున్నారో రాయించుకోవాలి. ప్రైవేటు కంపెనీలో ప్రయాణ భత్యం నిబంధన లేకపోయినా, రద్దయిన టికెట్ల ఖర్చు ఎవరిదన్న ప్రశ్న అప్పుడే తేలుతుంది.

ప్రణాళిక మారిన ప్రతిసారీ వాడాల్సింది రద్దే కాదని కూడా గుర్తుంచుకోవాలి. సెలవులో ఉండగా జబ్బు చేస్తే రోజులు తగ్గవు, రకం మారుతుంది. కేంద్ర ఉద్యోగులు డ్యూటీలో చేరాక, ఆ సెలవు ముగిసిన 30 రోజుల్లోపు దాన్ని తమకు అర్హమైన ఇంకో రకంగా మార్చమని అడగవచ్చు. జట్టు దృష్టిలో ఏ ఏర్పాటూ కదలదు కాబట్టి ఎవరికీ ప్రత్యేకంగా కబురు పెట్టాల్సిన పని లేదు. దీనికి విరుద్ధంగా, వైద్య ధ్రువపత్రం మీద పెట్టిన సెలవును కోలుకున్నానని ముందే ముగించాలంటే, చేరే రోజున ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. 16న వస్తానని జట్టుకు చెప్పి, సర్టిఫికెట్ 17న వస్తే, ఒక రోజంతా మనిషి ఆఫీసులో ఉంటాడు గానీ బాధ్యత అతని చేతికి రాదు. అలాంటప్పుడు జట్టుకు తేదీ చెప్పాల్సింది డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాకే.